సరుగుడు ఆకుల సందున ఆకాశం

(బరంపురంలో స్టూడియో, ఫ్లెక్స్ డిజైన్ పని చేసే తెలుగువాళ్ళు కూడిన చోట చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. స్క్రీన్ మీద ఫోటో కనిపిస్తోందా? వెనకున్నవాళ్ళు కాస్త ముందుకి రండి. ఈరోజు మనం చూడాల్సినవన్నీ ఈ ఫోటోలో చిన్న చిన్న చోట్ల ఉన్నాయి.

ఇది గోపాలపూర్ ఒడ్డున నేను తీసిన ఫోటో. మధ్యాహ్నం మూడున్నర, ఎండ నా వెనక ఎడమవైపు నుంచి పడుతోంది. ఇసుక మీదికి లాగిన పడవ, దాని ముందు నలుగురు నిలబడ్డారు. మన తెలుగు జాలరి కుటుంబమే. తాతగారు తెల్ల చొక్కా వేసుకున్నారు. ఎడమ పక్కన రెండు సరుగుడు చెట్లు. వెనక సముద్రం సన్నటి పట్టీలా కనిపిస్తుంది, దాని పైన అంతా ఆకాశం. పడవ అంచు పొడవునా నీలం రంగు వేసి ఉంది. వాళ్ళింట్లో పెళ్ళి. బ్యానర్ మీద పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి, వెనకున్న నీలం ఆకాశం తీసేసి నారింజ రంగు ఆకాశం పెట్టాలి అన్నారు. ఒక మాట. గోపాలపూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు గాని సముద్రంలో మునగడు. కాబట్టి సూర్యాస్తమయం ఫోటో తెచ్చి సముద్రం మీద పెడితే ఊరివాళ్ళు వెంటనే పట్టేస్తారు. అందుకని బింబం కనిపించకుండా, మబ్బులకి నారింజ రంగు పట్టిన ఉదయపు ఆకాశం ఒకటి ఎంచుకున్నాను.

నీలం అంతా ఒకేసారి ఎంచుకుని తీసేయడానికి ఫోటోషాప్‌లో మనకి తెలిసిన దారి `Select > Color Range`. ఐడ్రాపర్‌తో ఆకాశం మీద నొక్కుతాం, `Fuzziness` జరుపుతాం, `OK` కొడతాం, డిలీట్. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఒకసారి అలా చేసిన బ్యానర్ వెనక ముదురు మెరూన్ రంగు పెట్టి ప్రింట్‌కి పంపాను. నా స్క్రీన్ మీద గళ్ళ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆకాశం శుభ్రంగా పోయినట్టే కనిపించింది. ప్రింట్ వచ్చాక చూస్తే మెరూన్ మీద పల్చటి పాలపొర పరిచినట్టు ఉంది. మనుషుల చుట్టూ అయితే ఇంకా చిక్కగా ఉంది. ప్రింట్ చేసినవాళ్ళ తప్పేం లేదు. నా ఫైల్‌లోనే ఆ పొర ఉంది, నాకు కనపడలేదు. ఎందుకు కనపడలేదో ముందు అర్థం చేసుకుందాం. మిగతా తప్పులన్నీ దానికి ముడిపడే ఉంటాయి.

మ్యాజిక్ వాండ్ పిక్సెల్‌ని దాదాపుగా ఉంది, లేదు అని విడదీస్తుంది. కలర్ రేంజ్ అలా కాదు. మీరు నొక్కిన రంగుకి బాగా దగ్గరగా ఉన్న పిక్సెల్‌ని నూటికి నూరు ఎంచుకుంటుంది, కొంచెం దూరమైతే డెబ్బై, ఇంకా దూరమైతే ఇరవై, అలా తగ్గిస్తూ పోతుంది. ఆ తగ్గుదల ఎంత దూరం సాగాలో చెప్పేదే `Fuzziness`. అది 0 నుంచి 200 దాకా ఉంటుంది. డిలీట్ కొడితే డెబ్బై వంతు ఎంపికైన పిక్సెల్‌లో ముప్పై వంతు మిగిలిపోతుంది. మళ్ళీ కొడితే ఆ ముప్పైలో డెబ్బై వంతు పోయి తొమ్మిది మిగులుతుంది. పూర్తిగా పోలేదని మూడు నాలుగుసార్లు డిలీట్ కొట్టేవాళ్ళని చూశాను. ఆకాశం పోతుంది నిజమే, కాని పొరపాటున పదిహేను వంతు ఎంపికైన చొక్కా కూడా ప్రతిసారీ పల్చబడుతుంది. పదిహేను వంతు చొప్పున నాలుగుసార్లు పోతే చొక్కాలో సగమే మిగులుతుంది.

ఇక ఆ నడిచే చుక్కల గీత ఉంది కదా, అది సగానికి పైగా ఎంపికైన చోటునే చుట్టి చూపిస్తుంది. నలభై వంతు ఎంపికైన తాతగారి చొక్కా ఆ గీతకి బయటే ఉంటుంది. మనం చూసి, చొక్కా క్షేమం అనుకుంటాం. అసలు ఏ పిక్సెలూ సగం దాటకపోతే గీత కనపడదని ఫోటోషాప్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. సెలక్షన్ లేదని కాదు దాని అర్థం. ఉంది, గీత మాత్రం కనపడదు.

అందుకే గీతని నమ్మకండి. కలర్ రేంజ్ పెట్టెలో కింద `Selection Preview` అని ఉంటుంది, దాన్ని `Grayscale` చేయండి. ఇప్పుడు స్క్రీన్ నిండా నలుపు తెలుపులో కనిపిస్తోంది కదా. తెలుపు పూర్తిగా ఎంపికైంది, నలుపు ఎంపిక కాలేదు, బూడిద రంగు మధ్యలో ఉంది. మనకి అసలు సమాచారం అంతా ఆ బూడిదలోనే ఉంది.

ఇప్పుడు చేసి చూద్దాం. పైన నడినెత్తి ఆకాశం మీద నొక్కాను, `Fuzziness` 40. చూడండి, పైభాగం తెల్లగా వచ్చింది, కిందికి దిగేకొద్దీ మసకబారి, సముద్రం దగ్గరికి వచ్చేసరికి నల్లగా అయిపోయింది. అంటే అక్కడి ఆకాశం దీని లెక్కలో ఆకాశమే కాదు. సరే, 120కి పెంచుతున్నాను. కింది ఆకాశం వచ్చింది. కాని తాతగారి కుడి భుజం చూడండి, అదీ వెలిగింది. పడవ పట్టీ వెలిగింది. సముద్రమూ వెలిగింది.

ఎందుకిలా అయిందో కళ్ళతో చూస్తే తెలియదు, అంకెలు చూడాలి. `Info` ప్యానెల్ తెరిచి మూడు చోట్ల చదువుదాం. పైన ఆకాశం: ఎరుపు 110, ఆకుపచ్చ 160, నీలం 215. సముద్రానికి కొంచెం పైన ఆకాశం: 205, 220, 232. తాతగారి చొక్కా మీద ఎండ పడని మడత: 196, 210, 228. చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత దగ్గరగా ఉన్నాయో!

అదే ప్యానెల్‌లో రెండో రీడింగ్‌ని `HSB`కి మార్చుకుంటే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. పై ఆకాశం హ్యూ 211 డిగ్రీలు, కింది ఆకాశం 207, చొక్కా నీడ 214. మూడూ నీలమే, మూడూ ఒకే చోట ఉన్నాయి. తేడా శాచురేషన్‌లో ఉంది. పై ఆకాశం 49 శాతం, కింది ఆకాశం 12 శాతం, చొక్కా నీడ 14 శాతం. గమనించారా? దిగువ ఆకాశం కంటే తెల్ల చొక్కా నీడే ఎక్కువ నీలంగా ఉంది. నీలం తీసెయ్ అని మనం ఫోటోషాప్‌కి చెబితే, అది ఆకాశం కంటే ముందు చొక్కాని తీసెయ్యాలి. మనం చెప్పిన మాట ప్రకారం దానిదే సరైన పని.

దీనికి కారణం అక్కడి గాలీ వెలుతురే. ఆకాశం నీలంగా ఉండేది గాలిలోని అణువులు నీలం వెలుతురుని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల. నడినెత్తి వైపు చూసినప్పుడు మన చూపు దాటే గాలి తక్కువ. సముద్రం అంచు వైపు చూస్తే ఎంతో దూరం గాలి, తేమ, ఉప్పు పొగ దాటాలి. అన్ని రంగులూ చెదిరి కలిసిపోయి తెలుపు వైపు వెళ్ళిపోతుంది. చొక్కా సంగతి దానికి తలకిందులు. ఎండ పడని మడతకి వెలుతురు ఇచ్చేది ఆకాశమే కాబట్టి తెల్ల బట్ట ఆకాశం రంగు పట్టుకుంటుంది. తెల్ల పంచె, సున్నం వేసిన గోడ, రేకుల కప్పు, అన్నిటి నీడలూ ఇంతే. మన కంటికి మాత్రం చొక్కా తెల్లనిదని ముందే తెలుసు కాబట్టి తెల్లగానే చూస్తుంది.

(సభలో ఒకరు: అన్నయ్యా, ఐడ్రాపర్ వాడకుండా పైన లిస్ట్‌లో బ్లూస్ అని ఉంది కదా, అది ఎంచుకుంటే సరిపోదా?)

మంచి ప్రశ్న తమ్ముడూ. చేసి చూపిస్తాను. ఇదిగో `Blues`. ఆకాశం సగం సగంగా, బూడిదగా వచ్చింది. `Cyans` పెడుతున్నాను, అదీ అంతే. రంగుల చక్రం మీద సయాన్ 180 డిగ్రీల దగ్గర ఉంటుంది, నీలం 240 దగ్గర. మన ఆకాశం 211, అంటే సరిగ్గా రెండింటికీ మధ్య. ఏదీ దాన్ని పూర్తిగా నాది అనదు. పైగా ఆ లిస్ట్‌లోని రంగులకి `Fuzziness` పనిచేయదు, మనం సవరించుకునే వీలు లేదు. పెళ్ళి పందిట్లో కట్టిన ముదురు నీలం గుడ్డ తీయాలంటే `Blues` పనికొస్తుందేమో గాని, మన ఆకాశానికి పనికిరాదు.

కాబట్టి ఐడ్రాపర్‌తోనే, కాని రెండు మార్పులతో. మొదటిది, `Fuzziness` పెంచడం మానేసి 25 దగ్గర ఉంచండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఆకాశం మీద పైనుంచి కిందికి మెల్లగా లాగండి. మీరు లాగిన దారిలో ఉన్న రంగులన్నీ నమూనాల్లో చేరతాయి. ఒక్క నమూనా తీసుకుని చుట్టూ అన్ని దిక్కులా పెద్ద వల వేయడం కన్నా, ఎన్నో నమూనాలు తీసుకుని ఒక్కోదాని చుట్టూ చిన్న వల వేయడం మేలు. చేప ఉన్న చోటే వల పడుతుంది. ఎక్కువ చేరిపోతే ఆల్ట్ నొక్కి ఆ చోట క్లిక్ చేయండి, తీసేస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కలర్ రేంజ్ తెరిచే ముందే లాసోతో ఒక గీత గీయండి. ముందే ఒక సెలక్షన్ ఉంటే కలర్ రేంజ్ దాని లోపలే వెతుకుతుంది. రంగు అంకెల్లో చొక్కాకీ ఆకాశానికీ తేడా లేనప్పుడు వాటిని విడదీసేది చోటు ఒక్కటే. చోటు సంగతి ఫోటోషాప్‌కి తెలియదు, మీకు తెలుసు. నేనిక్కడ లాసోని తలల మీదుగా, జుట్టుని లోపల ఉంచి, భుజం దగ్గర అంచుని ఆనుకుని తీసుకెళ్ళి, సముద్రం గీత దగ్గర తిన్నగా కోశాను. పడవ, సముద్రం, చొక్కా అన్నీ బయటే ఉండిపోయాయి. ఆ భుజం అంచు ఒక్కటి, అరచెయ్యంత కూడా ఉండదు, పెన్ టూల్‌తో గీసుకోవాలి. అక్కడ చొక్కా 228, ఆకాశం 232. ఏ నాబ్ తిప్పినా వాటిని విడదీయలేరు. పెన్ టూల్‌తో రెండు నిమిషాల పని. దాన్ని తప్పించుకుందామని కలర్ రేంజ్‌తో అరగంట కుస్తీ పట్టడం నేను చాలాసార్లు చూశాను.

`OK` కొట్టాక డిలీట్ కొట్టవద్దు. ఆల్ట్ నొక్కి లేయర్ మాస్క్ గుర్తు మీద క్లిక్ చేయండి. ఎంచుకున్న చోటు దాగుతుంది, పిక్సెల్స్ మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత కింద ఒక లేయర్ వేసి గాఢమైన ఎరుపుతో నింపండి. మెరూన్ మీద నాకు జరిగింది ఇక్కడ వెంటనే బయటపడుతుంది. ఇదిగో, కుడి పై మూలలో పల్చటి పొర కనిపిస్తోందా? గళ్ళ మీద అది కనపడదు, ఎందుకంటే గళ్ళే తెలుపు, లేత బూడిద. తెల్లటి దాని మీద తెల్లటి పొర ఎలా కనిపిస్తుంది? ఇప్పుడు ఎరుపు మార్చి నలుపు పెట్టి కూడా చూడండి. ఆ తర్వాత ఆల్ట్ నొక్కి మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్కే తెర మీదికి వస్తుంది. `Levels` తీసి ఎడమ స్లైడర్‌ని కొంచెం లోపలికి జరిపితే, ఆకాశంలో మిగిలిన ముదురు బూడిద పూర్తిగా నలుపవుతుంది. కుడి స్లైడర్ జరిపితే మనుషుల మీద పడిన లేత మరక పూర్తిగా తెలుపవుతుంది. కొంచెమే జరపాలి. ఎక్కువ జరిపితే జుట్టు అంచు కత్తిరించిన అట్టముక్కలా తయారవుతుంది.

ఇక సరుగుడు చెట్టు. ఈ ఫోటోలో నాకు ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

సరుగుడు ఆకు అంటే పచ్చటి దారం. ఈ దూరంలో ఒక్కో దారం ఒక పిక్సెల్ వెడల్పు కూడా లేదు. కాబట్టి చాలా పిక్సెల్స్‌లో సగం ఆకు, సగం ఆకాశం కలిసి ఉంటాయి. పెద్దది చేసి చూపిస్తున్నాను. ఆకు రంగు సుమారుగా 50, 60, 35. దాని వెనక ఆకాశం 150, 185, 222. రెండూ సగం సగం కలిసిన పిక్సెల్ 100, 122, 128. ఇది ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు, ఒక రకం బూడిద. కలర్ రేంజ్ దాన్ని చక్కగా పట్టుకుని సగమే ఎంచుకుందనుకోండి. అంతకన్నా బాగా అది చెయ్యలేదు. సగం పారదర్శకం అయింది. కాని మిగిలిన సగం రంగు ఏమిటి? 100, 122, 128 అలాగే ఉంది. ఆకాశం నీలం దానిలోంచి పోలేదు. కలర్ రేంజ్ ఎంత మిగలాలో తేలుస్తుంది గాని, మిగిలినదాని రంగు మార్చదు.

ఇప్పుడు కింద నారింజ ఆకాశం పెడదాం, 240, 150, 80. ఆ పిక్సెల్ 170, 136, 104 అవుతుంది. నిజంగా అక్కడ నారింజ ఆకాశం ముందు సరుగుడు ఆకు ఉండి ఉంటే ఎంత ఉండాలి? 145, 105, 57. మనకి వచ్చింది దానికన్నా లేత, నీలంలో అయితే దాదాపు రెట్టింపు. ఇలాంటివి వేల పిక్సెల్స్ కలిస్తే చెట్టు చుట్టూ బూడిద పట్టినట్టు, సాలెగూడు అల్లినట్టు కనిపిస్తుంది. ఇదిగో చూడండి. దీన్ని చూసి చాలామంది సెలక్షన్ సరిగ్గా రాలేదని వెనక్కి వెళ్ళి `Fuzziness` పెంచుతారు. అప్పుడు ఆకులే మాయమై చెట్టు బోడిదవుతుంది. తప్పు సెలక్షన్‌లో లేనప్పుడు సెలక్షన్‌ని సరిచేస్తే ఏం లాభం?

చెట్టుకి నేను కలర్ రేంజ్ వాడలేదు. చానెల్స్ ప్యానెల్‌లో `Blue` చానెల్ ఒక్కటీ చూడండి. ఆకు అక్కడ 35, ఆకాశం 222. ఎరుపు చానెల్‌లో 50, 150 మాత్రమే. అంటే ఆకునీ ఆకాశాన్నీ ఎక్కువ దూరం విడదీసేది నీలం చానెలే. దాని కాపీ తీసుకుని, `Levels`తో ఆకుని నలుపుకీ ఆకాశాన్ని తెలుపుకీ నెట్టి, కంట్రోల్ నొక్కి ఆ కాపీ మీద క్లిక్ చేస్తే సెలక్షన్‌గా లోడ్ అవుతుంది. చెట్టు భాగానికి దాన్నే మాస్క్‌లో వాడాను. ఇది చెట్టుకే పనికొస్తుంది, మొత్తం ఫోటోకి కాదు. నీలం చానెల్‌లో తాతగారి చొక్కా 228 కాబట్టి అదీ ఆకాశంతో పాటు పోతుంది.

తర్వాత రంగు సంగతి. చెట్టు లేయర్ మీద కొత్త లేయర్ వేసి, క్లిప్ చేసి, అసలు ఆకు రంగు 50, 60, 35 తీసుకుని మెత్తటి బ్రష్‌తో కొమ్మల అంచుల మీద పూశాను. నార్మల్ మోడ్‌లోనే. మాస్క్ ఎంత మిగలాలో ఎలాగూ చూసుకుంటోంది, రంగు మాత్రం శుద్ధమైన ఆకు రంగు కావాలి. లోపలి కొమ్మలు, మాను తగలకుండా అంచులకే పూయాలి, లేకపోతే చెట్టు మొత్తం ఒకే రంగు ముద్దవుతుంది. `Select and Mask`లో `Decontaminate Colors` కూడా ఇదే పని చేయబోతుంది, లోపలి రంగుని అంచుకి లాగుతుంది. జుట్టుకి అది బాగానే ఉంటుంది. సరుగుడుకి లోపలే లేదు కదా, అంతా అంచే. లాగడానికి శుద్ధమైన రంగు దొరకదు. అందుకే చేత్తో పూయాలి.

(సభలో ఒకరు: మా దగ్గరికి ఫోటోలు ఫోన్లో ఫార్వర్డ్ అయి వస్తాయండీ. వాటికీ ఇలాగే చేస్తే గళ్ళు గళ్ళుగా వస్తోంది.)

అవును, నేను చెప్పాల్సిన చివరి సంగతి అదే. జేపెగ్ ఫైల్ వెలుతురునీ రంగునీ విడివిడిగా దాస్తుంది. మన కన్ను రంగులో సన్నటి వివరాలు అంతగా పట్టించుకోదు కాబట్టి, బాగా కుదించిన ఫైల్‌లో నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక్క రంగు రాసి ఊరుకుంటారు. అంటే అడ్డంగా సగం, నిలువుగా సగం. దాని మీద ఎనిమిది పిక్సెల్స్ పొడవు, ఎనిమిది వెడల్పు గడులుగా విడగొట్టి ఇంకా కుదిస్తారు. చూడటానికి ఫోటో బాగానే ఉంటుంది. కలర్ రేంజ్ నమ్ముకున్నదే రంగుని, ఆ రంగే అక్కడ సగం పదునుతో ఉంది. ఆకాశం నీలం చెంప మీదికి రెండు మూడు పిక్సెల్స్ పాకి ఉంటుంది, చెంప రంగు ఆకాశంలోకి పాకి ఉంటుంది. మీకు కనిపిస్తున్న గళ్ళు ఆ గడుల అంచులే. ఫోటోని 300 శాతం పెద్దది చేసి, చానెల్స్‌లో `Blue` ఒక్కటీ చూడండి. మనిషి అంచు వెంబడి మెట్లు మెట్లుగా ఉంటే ఆ ఫైల్‌తో కలర్ రేంజ్ పని జరగదు. పెన్ టూల్ తీసుకోండి, లేదా ఒరిజినల్ అడగండి. పంపేవాళ్ళకి ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని చెబితే ఫైల్ చాలావరకు ఉన్నదున్నట్టు వస్తుంది. మా దగ్గరికి వచ్చే పార్టీలకి ఇది ఫోన్లోనే ఒక్కో బటనూ చెప్పి చేయిస్తాను.

ఈ గోపాలపూర్ ఫోటో, లేయర్లు విడదీయకుండా, ఇక్కడున్న రెండు కంప్యూటర్లలోనూ పెట్టాను. చెట్టు జోలికి పోకుండా ముందు తాతగారి కుడి భుజం దగ్గర అంకెలు చదవండి. ఆ తర్వాత లాసో ఎక్కడ గీయాలో మీరే చెప్పండి, కూర్చుని చూద్దాం.